షరతును కిందికి జరిపింది నేను

మా ఆఫీసులో కొత్తగా చేరిన వాళ్లకు మొదటి వారంలోనే నేను ఒక సంగతి చెప్పేవాణ్ణి. సాఫ్ట్‌వేర్‌లో కొత్త సదుపాయం వచ్చినప్పుడు దాన్ని వాడేవాళ్లకు ఎలా ప్రకటించకూడదో చెప్పడానికి అది ఉదాహరణ. "ఒకసారి క్యాప్షన్‌లో ముందు లాభం చెప్పి, స్పెసిఫికేషన్ తర్వాత చెప్పాం. ఒక టెక్నీషియన్‌కు మెమో వచ్చింది. కాబట్టి టెక్నికల్ మనుషులకు ముందు స్పెసిఫికేషనే చెప్పాలి" అని ముగించేవాణ్ణి. రెండేళ్లపాటు చెప్పాను. పిల్లలు బుద్ధిగా నోట్సు రాసుకున్నారు.

నేను చెప్పింది అబద్ధం. మెమో వచ్చిన మాట నిజమే. అది వచ్చిన కారణం వేరు, ఆ కారణం నేను. ఆ క్యాప్షన్ రాసిన మనిషి మాత్రం ఆ రెండేళ్లూ తన పక్క బల్ల దగ్గరే నేను ఆ కథ చెబుతుంటే వింటూ కూర్చుంది. ఇప్పుడు నాకు నలభై తొమ్మిదేళ్లు. ఉన్నది ఉన్నట్టు రాయాలనిపించి రాస్తున్నాను.

జనగామలో స్టేషన్‌కు పోయే దారిలో విత్తనాలూ పురుగుమందులూ అమ్మే దుకాణం మీద మా ఆఫీసు. వానాకాలం సీజన్ మొదలైతే మెట్ల మీద పత్తి విత్తనాల పెట్టెలు పేర్చి ఉంటాయి, వాటి మధ్యనుంచి పక్కకు తిరిగి పైకి ఎక్కాలి. అంతా కలిపి తొమ్మిది మందిమి. మేం చేసేది ఒక్కటే, మోటార్లు, పంపులు, ఫ్యాన్లు చూసుకునే మెయింటెనెన్స్ టెక్నీషియన్లు రీడింగులు రాసుకునే ఫోన్ యాప్. బేరింగ్ ఎంత వేడెక్కింది, ఎంత అదురుతోంది, మోటారు ఎంత కరెంటు లాగుతోంది అనేవి ఇదివరకు రిజిస్టరులో రాసేవారు. ఇప్పుడు ఫోన్‌లో రాస్తారు. పంప్‌హౌస్ అడుగు అంతస్తులో నెట్ ఉండదు. అక్కడ రాసింది ఫోన్‌లోనే ఉండి, పైకి వచ్చి సిగ్నల్ అందాక మా సర్వర్‌కు చేరుతుంది. హైదరాబాదులో గాజు భవనం లేకపోయినా ఇంత పని చేయవచ్చని చూపించామని నాకు గర్వం. ఆ గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

ప్రోగ్రాం రాసే బృందానికి పెద్దను నేను. సపోర్టు ఫోన్లు ఎత్తే ఆమె మహబూబాబాద్ నుంచి రోజూ రైల్లో వచ్చేది. పాలిటెక్నిక్ చదివింది, నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. నన్ను అన్నా అనేది. ఆమె దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ఫోన్ చేసిన మనిషి అన్న మొదటి మాటను అన్నది అన్నట్టే అందులో రాసుకునేది. "సమస్య మొత్తం రాసుకోక ఒక్క ముక్క రాస్తవేంది?" అని నేనొకసారి అడిగితే, "మొత్తం కంప్యూటర్ల రాస్తనే ఉన్న అన్నా. మనిషికి ఏడ నొస్తుందో మొదటి మాటలనే చెప్తడు, తర్వాత అంత మనం అడిగినందుకు చెప్పేదే" అంది. నేను నవ్వాను.

ఆ పుస్తకంలో ఒకే రకం మాట చాలా పేజీల్లో ఉండేది. భూపాలపల్లి దాటాక ఉన్న ఒక పంప్‌హౌస్‌లో ఫిట్టర్‌గా చేసే ఆయన దాదాపు వారానికొకసారి ఫోన్ చేసేవాడు. అందరం ఆయన్ను భాయ్ అనేవాళ్లం. "అమ్మా, మీ యాప్‌కు నా రీడింగులంటె మస్తు ఇష్టమున్నట్టుంది, తినేస్తాంది. పొద్దున రాసిన, పగటీలి చూస్తే సఫా ఖాళీ!" అనేవాడు.

ఆయన చెప్పేది నిజమే. ఒక పంపుకు ఒక షీటు. భాయ్ అందులో బేరింగ్ వేడి, అదురు రాస్తాడు. ఎలక్ట్రికల్ వైపు మనిషి అదే షీటులో మోటారు కరెంటు రాస్తాడు. ఇద్దరూ పొద్దున ఖాళీ షీటు ఫోన్‌లోకి దించుకొని కిందికి దిగుతారు. భాయ్ ముందు పైకి వస్తే ఆయన షీటు సర్వర్‌కు చేరుతుంది. తర్వాత రెండో మనిషి వస్తాడు. అతని షీటులో కరెంటు గడి నిండి, భాయ్ నింపిన గడులు ఖాళీగా ఉంటాయి. పాత పద్ధతిలో ఫోన్ షీటు మొత్తాన్ని పంపేది, సర్వర్ చివర వచ్చినదాన్నే ఉంచేది. అలా భాయ్ రాసినవి పోయేవి.

దాన్ని సరిచేయడానికి నాలుగు నెలలు పట్టింది. కొత్త వెర్షన్‌లో ఫోన్ షీటు మొత్తాన్ని పంపదు. ఎవరు ఏ గడిని మార్చారో ఆ గడినే, మార్చిన సమయంతో కలిపి పంపుతుంది. సర్వర్ గడి గడిగా కలుపుతుంది. ఒకే గడిని ఇద్దరూ మారిస్తే రెండూ ఉంచి, ఏది సరైనదో సూపర్‌వైజర్‌ను అడుగుతుంది. ఇప్పటిదాకా నేను చేసిన వాటిలో నాకు బాగా నచ్చిన పని అదే.

ఒక షరతు ఉంది. ఒకే షీటు మీద పనిచేసే ఇద్దరి ఫోన్లలోనూ కొత్త వెర్షన్ ఉండాలి. ఒకరి దగ్గర పాతది ఉంటే అది మునుపటిలాగే షీటు మొత్తాన్ని పంపుతుంది, ఖాళీ గడులతో సహా. ఆ ఖాళీ అతను కావాలని చెరిపిందా, అసలు రాయనిదా అన్నది అప్పటి సర్వర్‌కు తెలియదు. పాత వెర్షన్‌ను పూర్తిగా ఆపేద్దామంటే, అప్‌డేట్ కాని ఫోన్లు చాలా ఉన్నాయి, వాళ్ల పని ఆగిపోతుంది.

కొత్తది వచ్చినప్పుడల్లా టెక్నీషియన్ల వాట్సాప్ గ్రూపుల్లో అర నిమిషం వీడియో, కింద క్యాప్షన్ పెడతాం. క్యాప్షన్ నేనే రాసేవాణ్ణి. ఈసారీ రాసి ఆమెకు చూపించాను: "వెర్షన్ 4.2. సింక్ ఇంజన్‌లో మార్పు. రికార్డు స్థాయి ఓవర్‌రైట్ స్థానంలో ఫీల్డ్ స్థాయి మెర్జ్. ప్రతి ఫీల్డుకు వేరు టైమ్‌స్టాంప్."

ఆమె చదివి, "అన్నా, గిది చదివి భాయ్‌కి తన రీడింగు బతికిందని ఎట్ల తెల్వాలె?" అంది.

"వాళ్లు టెక్నికల్ మనుషులమ్మా. సబ్బు అమ్ముతున్నమా మనం? వాళ్లకు స్పెసిఫికేషనే గావాలె."

"వద్దన్ననా? నాకేం ఒరిగిందో ముందు తెలిస్తె, ఎట్ల చేసిన్రని తర్వాత వాళ్లే చదువుతరు. వాట్సాప్‌ల మూడు లైన్లు కనవడి మిగిలింది ముడుచుకుంటది. మీ మూడు లైన్లల్ల ఇంజను తప్ప ఏం లేదు."

"అయితే నువ్వు రాయి చూద్దాం" అన్నాను, కొంచెం వెటకారంగానే.

ఆమె నోటుపుస్తకం తెరిచి, భాయ్ మాటను ఎదురుగా పెట్టుకొని, పది నిమిషాల్లో రాసింది: "మీరు రాసిన రీడింగు ఇక ఖాళీ కాదు. ఒకే పంపుకు ఇద్దరు రాసినా, నెట్ లేని చోట రాసినా సరే. ఒక షరతు: ఇద్దరి ఫోన్లలో వెర్షన్ 4.2 ఉండాలి." ఆ కింద 'ఎలా పనిచేస్తుందంటే' అని, నేను రాసిన సాంకేతిక వివరాలన్నీ ఒక్కటీ వదలకుండా వరుసగా ఇచ్చింది.

బాగుందని చదవగానే అర్థమైంది. మొదటి లైను చదివి వినిపిస్తే మా ఓనరుకు కూడా నచ్చింది. ఇకమీదట కొత్త వెర్షన్లు జనంలోకి వెళ్లే బాధ్యత మొత్తం ఆమెకే ఇద్దామని నాతో అన్నాడు. ఏ సదుపాయం ఎప్పుడు వెళ్లాలో, ఏ మాటలతో వెళ్లాలో ఆమే చూసుకుంటుంది. సపోర్టు డెస్కు నుంచి అది పెద్ద మెట్టు. ఆమె ఆ పని కోరుకుంటోందని ఆఫీసులో అందరికీ తెలుసు.

పోస్టు చేసే ముందు ఆ క్యాప్షన్ నా చేతికి వచ్చింది. మూడో వాక్యం దగ్గర ఆగాను. నాలుగు నెలల పని. వచ్చీ రాగానే షరతు చెప్పడమెందుకు? ఆ వాక్యాన్ని తీసి, అడుగున ఉన్న సాంకేతిక వివరాల్లో ఆరోదిగా పెట్టాను.

ఆమె చూసింది. "అన్నా, షరతును కిందికెందుకు జరిపిన్రు?"

"పైన ఉంటే చదివేటోడు జంకుతడు."

"టెక్నీషియన్లకు షరతంటె జంకుండదు. దాచి పెడితె కోపమొస్తది."

"దాచిననా? కిందనే ఉంది గద. చదువుకుంటరు."

మధ్యాహ్నం రెండుకు ఐదు నిమిషాల ముందు పోస్టు చేశాం. ఆ సమయం కూడా ఆమె కనిపెట్టిందే. మొదటి షిఫ్టు దిగేవాళ్లు, రెండో షిఫ్టు ఎక్కేవాళ్లు ఒకేసారి గేటు దగ్గర నిలబడి ఫోన్లు చూసుకునే వేళ అది. సాయంత్రానికి గ్రూపు నిండా మెచ్చుకోలు బొటనవేళ్ల గుర్తులు. భాయ్ గొంతు సందేశం పంపాడు: "శుక్రియా అమ్మా! ఇగ నా రీడింగులు సర్వర్ కడుపులకు పోవు గద?"

రెండు వారాలు కాకముందే మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి నవ్వు లేదు. ఆయనతో పనిచేసే ఎలక్ట్రికల్ మనిషి ఫోన్‌లో జాగా లేక పాత వెర్షనే నడుస్తోంది. మూడు రోజులు భాయ్ గడులు ఖాళీ అయ్యాయి. పంపులు చూసే రౌండు వేయకుండానే సంతకం పెడుతున్నాడని సూపర్‌వైజర్ మెమో ఇచ్చాడు. "ఇరవై రెండేండ్ల సర్వీసమ్మా. ఒక్క రౌండు ఎగ్గొట్టలే. ఖాళీ కాదని మీరు రాసిన్రని నేను నిమ్మలంగున్న" అన్నాడు. ఆమె ఫోన్ స్పీకరులో పెట్టింది. అందరం విన్నాం.

ఓనరు మా ఇద్దరినీ తన గదిలోకి పిలిచాడు. క్యాప్షన్ తెరిచి, "ఈ మొదటి లైను నీదే గదమ్మా?" అన్నాడు.

"నేనే రాసిన సార్" అంది ఆమె. తర్వాత నా వైపు చూసింది.

నేను చెప్పాల్సింది ఒకే వాక్యం. షరతు ఆమె పైనే పెట్టింది, నేను కిందికి జరిపాను. దానికి బదులు నేను అన్న మాట ఇది: "టెక్నికల్ మనుషులకు లాభం ముందు చెప్తె గిట్లనే అయితది సార్. నేను మొదలే అన్న."

మొదలే అన్న మాట నిజమే. అబద్ధాన్ని నిజంతో కప్పడం అప్పుడే నేర్చుకున్నాను. బయట ఫోన్ మోగితే ఆమె వెళ్లి ఎత్తింది.

సర్వర్ చెరిపిన ప్రతి పాత విలువా దాని మార్పుల చిట్టాలో మిగిలే ఉంటుంది. రెండు రోజులు కూర్చొని భాయ్ రాసిన రీడింగులన్నీ, రాసిన సమయాలతో సహా వెలికితీసి సూపర్‌వైజర్‌కు పంపాను. మెమో వెనక్కి తీసుకున్నారు. పాత వెర్షన్ నుంచి వచ్చే ఖాళీ గడి నిండిన గడిని చెరపకుండా సర్వర్‌ను కూడా మార్చాను. ఇవన్నీ మంచి పనులే. అందరూ మెచ్చుకున్నారు, ఆ మెప్పు నేను తీసుకున్నాను. క్యాప్షన్లు మళ్లీ నాకే వచ్చాయి. ఆమెకు ఇస్తానన్న బాధ్యత మాట ఓనరు మళ్లీ ఎత్తలేదు. ఆమె రోజూ రైలు దిగి, మెట్లెక్కి, ఫోన్లు ఎత్తింది. నేను కొత్తవాళ్లకు కథ చెప్పాను.

రెండేళ్ల తర్వాత ఆ పంప్‌హౌస్‌లో కొత్త బృందానికి యాప్ నేర్పడానికి నేనూ ఆమే వెళ్లాల్సి వచ్చింది. హనుమకొండలో బస్సు మారి భూపాలపల్లిలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో పంప్‌హౌస్ చేరాం. దారంతా ఆమె కిటికీలోంచి చూస్తూ ఉంది, అవసరమైన మాటలే మాట్లాడింది. పని అయ్యాక క్యాంటీన్‌లో భాయ్ ముగ్గురికీ చాయ్ చెప్పాడు. గడ్డం నెరిసింది తప్ప మనిషి మారలేదు.

"భయ్యా, ఒక్క పని చేసి పెట్టరాదు?" అన్నాడు నాతో. "బేరింగ్ వేడి లిమిటు దాటితె అడుగున ఉండంగనే ఫోన్ చెప్పాలె. నెట్ లేకున్నా చెప్పాలె. పైకొచ్చినంక చెప్తె ఏం ఫాయిదా?"

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "భాయ్, గది వచ్చి మూడు నెలలైంది" అంది ఆమె.

"మజాక్ చేయకు!"

ఆయన గ్రూపు తెరిచి వెనక్కి జరిపి జరిపి నా క్యాప్షన్ పట్టుకున్నాడు. కళ్లజోడు పైకి ఎత్తి చదివాడు: "లోకల్ థ్రెషోల్డ్ వాలిడేషన్. పరికరాల వారీగా పరిమితుల పట్టిక ఫోన్‌లో నిల్వ..." ఆగి నా వైపు చూశాడు. "ఇది వార్తనా భయ్యా, వారంటీ కార్డా? రెండేండ్ల కింద ఒకటి రాసిన్రు, ఖాళీ కాదు అని. ఎంత సాఫ్‌గుండె! గట్ల ఎందుకు రాస్తలేరు?"

"దాంతోనే గద మీకు మెమో వచ్చింది" అన్నాను.

"హౌలా మాట. మెమో దాంతోని రాలే. కింద, ఆఖర్ల ఒక ముక్క ఉండె, ఇద్దరి ఫోన్లల్ల కొత్తది ఉండాలని. తర్వాత చూసుకున్న. గది పైన రెండో లైన్ల ఉంటే, ఆ రోజే మా వోని ఫోన్ గుంజుకొని వాని పెండ్లి వీడియోలన్ని తీసేసి నేనే అప్‌డేట్ చేస్తుంటి." చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "గంత ముఖ్యమైన ముక్క గంత కిందికి ఎవలు వెట్టిన్రు?"

ఆమె తన గ్లాసు వైపు చూస్తోంది. ఆ రోజు ఓనరు గదిలో నా వైపు చూసింది. ఇప్పుడు చూడలేదు. నా నుంచి ఆమె ఇక ఏమీ ఆశించడం లేదని అప్పుడు తెలిసింది, అది నన్ను ఎక్కువ పొడిచింది.

"నేనే భాయ్" అన్నాను. "తను పైననే రాసింది. నేను తీసి కింద పెట్టిన. ఆఫీసుల తన మీదికి పోనిచ్చిన."

"నా మెమో రెండు రోజుల్ల పోయింది భయ్యా" అన్నాడు భాయ్. "ఈ బిడ్డది రెండేండ్లు ఉంచినవా?"

తిరుగు బస్సులో పరకాల దాటాక ఆమె మాట్లాడింది. "ఆ రోజు మీరే చెప్తరనుకున్న అన్నా. సాయంత్రం దాక చూసిన. తెల్లారి కూడ చూసిన. తర్వాత చూసుడు బంద్ చేసిన."

"క్షమించమ్మా" అన్నాను.

"నాకు చెప్తె ఏముంది? నాకు మొదలే ఎరుక. తెల్వనోళ్లకు చెప్పుండ్రి."

మర్నాడు పొద్దున్నే ఓనరుకు చెప్పాను. ఆయన పేపర్‌వెయిట్ పక్కకు జరిపి, "నేనన్నా ఆమెను ఇంకో మాట అడగాల్సుండె" అన్నాడు. తర్వాత ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి, కొత్తవాళ్లకు నేను చెప్పిన కథను మొదటి నుంచి సరిగా చెప్పాను. ఆమె రాసిన క్యాప్షన్‌నూ నేను మార్చినదాన్నీ పక్కపక్కన గోడ మీద చూపించాను. లాభం ముందు చెప్పడం తప్పు కాదని, లాభానికి ఉన్న షరతును దాని పక్కనుంచి తప్పించడం తప్పని చెప్పాను. ఒకమ్మాయి అడిగింది, "మరి మా నోట్సుల రాసుకున్నది కొట్టేయాల్నా సార్?" కొట్టేయమన్నాను. అందరూ వంగి కొట్టేస్తున్న చప్పుడు వినిపించింది.

ఓనరు ఆ బాధ్యత తీసుకొమ్మని ఆమెను అడిగాడు. ఆమె వెంటనే సరే అనలేదు. "నేను రాసిన లైన్ల మీద ఎవ్వరు చెయ్యి వెట్టొద్దు సార్. తప్పుంటె చెప్పాలె, నేనే దిద్దుత. ఇంకోటి, మొదటి లైను నాకు రాయొస్తలేదంటె ఆ పని ఇంక కాలేదన్నట్టు. అప్పటిదాక బయటికి పంపొద్దు." నా వైపు తిరిగి, "ఒప్పుకుంటరా అన్నా?" అంది. ఒప్పుకున్నాను. ప్రోగ్రాం రాసేవాళ్లం మొదట్లో గొణిగాం. ఇప్పుడు మాలో ఎవరమైనా కొత్త పని మొదలుపెట్టే ముందే ఆమె బల్ల దగ్గరికి పోయి, "దీనికి మొదటి లైను ఏమయితది?" అని అడుగుతున్నాం. లైను రాక రెండు పనులు మొదట్లోనే మానుకున్నాం. వాటిలో ఒకటి నాది.

ఆమె మొదట చేసిన పని, నా వారంటీ కార్డును తిరగరాయడం. "బేరింగ్ లిమిటు దాటితే మీరు పంపు ముందు ఉండగానే ఫోన్ మోగుతుంది, నెట్ లేకున్నా. ఒక షరతు: ఆ పంపు లిమిటును మీ సూపర్‌వైజర్ ఒకసారి పెట్టి ఉండాలి, ఆ తర్వాత మీ ఫోన్ ఒకసారి సింక్ అయి ఉండాలి." ఆ కింద నా వివరాలు, నా మాటల్లోనే, వరుస చెడకుండా.

రెండుకు ఐదు నిమిషాల ముందు పోస్టు చేసింది. నేను ఆమె కుర్చీ వెనక నిలబడ్డాను. మొదట ఎవరో అప్‌డేట్ చేశామన్నారు. తర్వాత ఇంకొకరు, తర్వాత వరసగా. భాయ్ నుంచి గొంతు సందేశం వచ్చింది. వెనక మోటారు హోరు, దాని మీంచి ఆయన అరుపు: "అమ్మా, కింద నాలుగో ముచ్చట చదివిన. లిమిటుకు దగ్గరికొస్తె పసుపు, దాటితె ఎరుపు అన్నరు గద. దగ్గర అంటె ఎంత? నూటికి ఎంత?"

ఇన్నేళ్లలో నేను రాసిన స్పెసిఫికేషన్ మీద ఒక టెక్నీషియన్ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. ఆయన నాలుగో అంశం దాకా చదివాడు. చదవాలనిపించేలా ఆమె దారి వేసింది.

ఆమె ఫోన్ నా వైపు జరిపింది. "గిది మీ భాగమన్నా. చెప్పుండ్రి."

నేను మైకు గుర్తు నొక్కి పట్టుకొని చెప్పడం మొదలుపెట్టాను.